ప్రేయర్ ముందు రాయండి: మూట్ మెమోరియల్ గురించి ఒక కెప్టెన్ జూనియర్లకు చెప్పింది

లా విద్యార్థులు ప్రాబ్లమ్ అనే ఒక కల్పిత కేసు మీద వాదించే పోటీ మూట్ కోర్టు. అందుకోసం రాసిచ్చే వాదనే మెమోరియల్. అందులో ప్రేయర్ చివరి పేజీలో ఉంటుంది. కోర్టును మనం ఏం చేయమని కోరుతున్నామో అక్కడ రాస్తాం. చాలామంది విద్యార్థులు ఆ పేజీని గడువు ముందు రాత్రి ఏదో పాత మెమోరియల్ నుంచి ఎత్తి అతికిస్తారు. ఒడిశాలోని బరంపురంలో ఒక లా కాలేజీ మూట్ టీమ్ కెప్టెన్ ఈమధ్య తన జూనియర్లతో మాట్లాడుతూ మొట్టమొదట ఆ పేజీ గురించే చెప్పింది. "ప్రేయర్ రాయకుండా ఎవరూ ఆర్గ్యుమెంట్ మొదలుపెట్టొద్దు. ఏం అడుగుతున్నామో తేలకపోతే ఏం నిరూపించాలో కూడా తేలదు."

ఆమె ఎక్కువసేపు మాట్లాడలేదు. కానీ చెప్పిన ప్రతి మాటా చేతిలో ఉన్న ఒక్క ప్రాబ్లమ్‌కు అన్వయించి చెప్పింది. అందుకే దీన్ని వివరంగా రాయాలనిపించింది. మెమోరియల్ బాగా రాయడం ఎలాగో చెప్పే సలహాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక వాదన బలహీనంగా మొదలై ఎక్కడ, ఎందుకు బలపడుతుందో వాక్యం వాక్యంగా చూపించేవాళ్లు తక్కువ. ఆ జూనియర్లు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి వచ్చిన తెలుగు పిల్లలు. మెమోరియల్ ఇంగ్లీషులో రాసినా ఆలోచించేది, తగువులాడుకునేది తెలుగులోనే. ఆ పేరాలను నేనిక్కడ తెలుగులోనే ఇస్తున్నాను.

ప్రాబ్లమ్ కల్పితమే అయినా, సరిహద్దు జిల్లాల్లో పెరిగినవాళ్లకు కొత్తగా అనిపించదు. ఒక ఊహా రాష్ట్రం, దాని సరిహద్దులో ఒక ఊరు. ఊళ్లో నాలుగింట మూడొంతుల మంది తెలుగువాళ్లు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో రాష్ట్ర భాష విభాగంతో పాటు తెలుగు విభాగం కూడా ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు తెలుగు విభాగంలో వరసగా 12, 9, 8, 7, 7 మంది పిల్లలున్నారు. మొత్తం 43 మంది. తరగతికి 10 మంది లేని అల్పసంఖ్యాక భాషా విభాగాలను మూసివేసి, పిల్లలను 2 కిలోమీటర్ల దూరంలోని మరో పాఠశాలలో రాష్ట్ర భాష మాధ్యమంలో చేర్చాలని విద్యాశాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఒకటో తరగతిలో తప్ప ఎక్కడా 10 మంది లేరు కాబట్టి విభాగం మొత్తం మూతపడింది. తల్లిదండ్రులు బ్లాక్ విద్యాధికారికి వినతిపత్రం ఇచ్చారు. జవాబు రాలేదు. ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ వేశారు. ముందుగా చూసేది పిటిషనర్ పక్షం మెమోరియల్.

జూనియర్లు రాసుకొచ్చిన మొదటి ప్రేయర్ ఇది: "రాష్ట్రంలోని తెలుగు పిల్లలందరికీ తెలుగు మాధ్యమంలో చదువుకునే ప్రాథమిక హక్కు ఉందని ప్రకటించాలి. విద్యాశాఖ ఉత్తర్వును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేయాలి. రాష్ట్రమంతటా తెలుగు పాఠశాలలు ఏర్పాటు చేయాలని ఆదేశించాలి."

కెప్టెన్ దాన్ని చదివి ఒక్క ప్రశ్న అడిగింది. "ఇందులో మూడో కోరిక తీర్చాలంటే జడ్జి ఏ రూల్ చూపించి తీర్చాలి?" ఎవరూ మాట్లాడలేదు. రాష్ట్రమంతటా పాఠశాలలు పెట్టమనడానికి ఆధారమయ్యే రూల్ ప్రాబ్లమ్‌లో గానీ, రాజ్యాంగంలో గానీ లేదు. అలాంటి కోరిక ఒకటి ప్రేయర్‌లో ఉంటే మిగతావాటి మీద కూడా బెంచ్‌కు అనుమానం వస్తుంది. జడ్జి మొదటి ప్రశ్న దాని మీదే వేస్తారు. ఓరల్ రౌండ్‌లో మన సమయంలో సగం ఆ బరువైన కోరికను సమర్థించుకోవడానికే ఖర్చవుతుంది.

ఆమె తిరిగి రాయించిన ప్రేయర్‌లో కూడా మూడు కోరికలే ఉన్నాయి. ఒకటి, ఆ ఉత్తర్వు ఈ పాఠశాలకు వర్తించినంత మేరకు రద్దు చేయాలి. రెండు, విభాగంలోని మొత్తం పిల్లల సంఖ్యను లెక్కలోకి తీసుకుని, నిర్ణీత గడువులోగా, కారణాలు చెబుతూ విద్యాశాఖ కొత్తగా నిర్ణయం తీసుకోవాలని ఆదేశించాలి. మూడు, ఆ నిర్ణయం వెలువడే వరకు ఇప్పుడున్న తెలుగు టీచర్‌ను అదే పాఠశాలలో కొనసాగించాలి.

ఒక జూనియర్‌కు ఇది నచ్చలేదు. "అక్కా, ఇంత తక్కువ అడిగితే మనం వెనక్కి తగ్గినట్టు ఉండదా?" అన్నాడు. కెప్టెన్ జవాబు నాకు బాగా నచ్చింది. "తక్కువ కాదు తమ్ముడూ. ఇందులో ప్రతిదానికీ మన దగ్గర రూల్ ఉంది, ఫ్యాక్ట్ ఉంది. కోర్టు ఇవ్వగలిగింది అడుగుతున్నాం." మళ్లీ పరిశీలించమని కోర్టు చెప్పడం ప్రభుత్వ విధానాన్ని కోర్టే రాయడం కాదు. అందుకే "ఇది విధానపరమైన నిర్ణయం, కోర్టు జోక్యం చేసుకోకూడదు" అన్న ఎదుటి పక్షం మాటకు పదును తగ్గిపోతుంది. ప్రేయర్ మారిన మరుక్షణం ఎదుటివాళ్ల బలమైన వాదన ఒకటి సగానికి పడిపోయిందన్నమాట.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఏదైనా చేయమని ఆదేశించే రిట్‌ను మాండమస్ అంటారు. అది కావాలంటే సాధారణంగా ముందు అధికారిని అడిగి ఉండాలి, ఆయన కాదని ఉండాలి, లేదా కాదన్నట్టు ప్రవర్తించి ఉండాలి. ప్రాబ్లమ్‌లో వినతిపత్రం ఇచ్చింది బ్లాక్ విద్యాధికారికి. ఉత్తర్వు ఇచ్చింది మాత్రం రాష్ట్ర విద్యాశాఖ. పైగా వినతిపత్రం ఇచ్చిన 14 రోజులకే పిటిషన్ వేశారు. "అడగాల్సినవాళ్లను అడగలేదు, జవాబుకు తగినంత సమయం ఇవ్వలేదు" అని రెస్పాండెంట్, అంటే ప్రభుత్వ పక్షం, తప్పకుండా అంటారు. అందుకే కెప్టెన్ ఉత్తర్వు రద్దును మొదటి కోరికగా పెట్టించింది. ఉన్న ఉత్తర్వును కొట్టివేయమని అడగడానికి ముందస్తు వినతి ఆ స్థాయిలో అవసరం లేదు. మాండమస్ దాని వెనక నడుస్తుంది. కోరికల వరస మార్చడంతోనే వాదనలోని ఒక బలహీనత పక్కకు తొలగింది.

ప్రేయర్ తర్వాత ఆమె నేరుగా ఆర్గ్యుమెంట్స్‌కు వెళ్లలేదు. ఈ కేసు వినే అధికారం కోర్టుకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే జ్యూరిస్డిక్షన్ పేజీకి వెళ్లింది. జూనియర్ల డ్రాఫ్ట్‌లో ఆ పేజీలో ఆర్టికల్ 32 అని ఉంది. ఎప్పటిదో సుప్రీంకోర్టు మెమోరియల్ నుంచి తెచ్చి పెట్టినది. ప్రాబ్లమ్‌లో ఉన్నది 226 కాబట్టి అది తప్పని ఎవరైనా చెబుతారు. ఆమె చెప్పింది అంతకన్నా లోతైన సంగతి. ఆర్టికల్ 32 కింద సుప్రీంకోర్టుకు వెళ్లగలిగేది రాజ్యాంగం మూడో భాగంలోని ప్రాథమిక హక్కుల కోసమే. ఆర్టికల్ 226 కింద హైకోర్టు ప్రాథమిక హక్కుల కోసమే కాక, "మరే ఇతర ప్రయోజనం కోసమైనా" రిట్ ఇవ్వగలదు. మాతృభాషలో ప్రాథమిక బోధన గురించి చెప్పే, మన ప్రధాన ఆధారమైన ఆర్టికల్ 350ఎ మూడో భాగంలో లేదు. కాబట్టి 226లోని ఆ నాలుగు మాటలే మన వాదనకు తలుపు తెరుస్తాయి. జ్యూరిస్డిక్షన్ పేజీలో ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పకపోతే, లోపల పదిపేజీలు రాసినా "ఇది ప్రాథమిక హక్కు కాదు కదా" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతాం. మొదటి డ్రాఫ్ట్‌లో "ప్రాథమిక హక్కు ఉందని ప్రకటించాలి" అన్న కోరిక ఎందుకు పుట్టిందో కూడా ఇక్కడ తెలుస్తుంది. 32 అని రాసుకున్నాక ప్రతిదాన్నీ ప్రాథమిక హక్కు చేయాల్సి వచ్చింది.

ఇక అసలు రూల్. ఆర్టికల్ 350ఎ 1956లో ఏడో రాజ్యాంగ సవరణతో వచ్చింది. భాషల ప్రాతిపదికన రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించిన సమయం అది. ఎక్కడ గీత గీసినా కొంతమంది అవతలి వైపు మిగిలిపోతారు. గంజాం, కొరాపుట్ వైపు తెలుగువాళ్లకు అది 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచీ తెలిసిన సంగతే. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని 350ఎ చెబుతుంది. అందుకు అవసరమైన ఆదేశాలను రాష్ట్రపతి ఏ రాష్ట్రానికైనా ఇవ్వవచ్చని కూడా చెబుతుంది.

జూనియర్లు దీని గురించి రాసిన పేరా ఇలా ఉంది. "ఆర్టికల్ 350ఎ ప్రకారం మాతృభాషలో విద్య ప్రతి బిడ్డ హక్కు. సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. మాతృభాషలో బోధన పిల్లల మానసిక వికాసానికి ఎంతో ముఖ్యం. కావున ప్రభుత్వ ఉత్తర్వు ఆర్టికల్ 350ఎను ఉల్లంఘిస్తోంది." కింద ఫుట్‌నోట్‌లో ఐదు తీర్పుల పేర్లున్నాయి.

కెప్టెన్ ఒక పెన్సిల్ ఇచ్చి, ప్రాబ్లమ్‌లోని ఫ్యాక్ట్ ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత గీయమంది. పేరా మొత్తంలో ఒక్క గీత కూడా పడలేదు. 43 మంది పిల్లలు లేరు, 12 మంది ఉన్న ఒకటో తరగతి లేదు, ఉత్తర్వులో ఏముందో లేదు. "ఈ పేరా తీసుకెళ్లి వేరే రాష్ట్రం, వేరే భాష, వేరే ప్రాబ్లమ్‌లో పెట్టండి. ఒక్క మాట మార్చక్కర్లేదు. అంటే మన కేసు గురించి ఇది ఏమీ చెప్పడం లేదు." మెమోరియల్స్ దిద్దే పని నేనూ చేస్తుంటాను. ఈ పెన్సిల్ పరీక్ష కన్నా త్వరగా పేరా బలాన్ని తేల్చే మార్గం నాకు ఇంతవరకు కనపడలేదు.

తర్వాత ఆ పేరాలోని పెద్ద లోపం. 350ఎ హక్కు అనే మాట వాడదు, ప్రయత్నించాలి అంటుంది. రెస్పాండెంట్ మొదట పట్టుకునేది దీన్నే. వాళ్ల దగ్గర ఇంకో రెండు ఆయుధాలు కూడా ఉన్నాయి. రాజ్యాంగం పదిహేడో భాగంలో 350ఎ ఉన్న అధ్యాయానికి శీర్షికే ప్రత్యేక ఆదేశాలు. ఆ ఆర్టికల్ అమలు కాకపోతే ఏం చేయాలో దానిలోనే ఉంది, రాష్ట్రపతి ఆదేశించవచ్చు, కోర్టుకు పని లేదు అని వాళ్లు అంటారు. దీన్ని దాచి రాస్తే ప్రయోజనం లేదు. మనమే ముందు చెప్పి జవాబివ్వాలి.

జవాబు రెండు మెట్లుగా ఉంది. మొదటిది, కోర్టులు అమలు చేయలేవని రాజ్యాంగం స్పష్టంగా చెప్పింది ఆర్టికల్ 37లో. అది నాలుగో భాగంలోని ఆదేశిక సూత్రాలకు మాత్రమే వర్తిస్తుంది. పదిహేడో భాగం గురించి అలాంటి నిషేధం ఎక్కడా రాయలేదు. రాష్ట్రపతి అధికారం రాష్ట్ర బాధ్యతకు అదనంగా ఇచ్చినది, దాని స్థానంలో ఇచ్చినది కాదు. రెండో మెట్టు ఇంకా ముఖ్యం. ప్రయత్నించాలి అనే బాధ్యత ఫలితానికి హామీ ఇవ్వదని మనమే ఒప్పుకోవాలి. ప్రతి ఊళ్లో తెలుగు విభాగం ఉండి తీరాలని మనం అనడం లేదు. కానీ ప్రయత్నించడమంటే కనీసం ఆ పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, ఉన్న ఏర్పాటును కొనసాగించగలమా లేదా అని ఆలోచించడం. ఉత్తర్వులో ఆ ఆలోచన జరిగిన జాడ లేదు. ఇదీ మన వాదన.

జూనియర్లకు కష్టంగా అనిపించింది ఈ ఒప్పుకోలే. ఎదుటివాళ్ల మాటలో నిజముందని మన మెమోరియల్‌లో మనమే రాయడం వాళ్లకు భయం. కానీ బెంచ్ ఆర్టికల్ చదివే వస్తుంది. మనం కాదన్నా ఆ మాట అక్కడే ఉంటుంది. దాన్ని ఒప్పుకుని, అది మన కోరికకు అడ్డు రాదని చూపిస్తే, మిగతా పేరాలను కూడా బెంచ్ నమ్మకంతో చదువుతుంది.

ఇక ఆ లెక్క ఎలా వేయాలి? 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యా మంత్రుల సమావేశం ఒక ప్రమాణం తీర్మానించింది. ఒక పాఠశాల మొత్తంలో ఆ భాష పిల్లలు 40 మందికి తగ్గకుండా ఉన్నా, లేదా ఒక తరగతిలో 10 మంది ఉన్నా, ఆ భాషలో బోధించడానికి కనీసం ఒక టీచర్‌ను నియమించాలని. 1956లో కేంద్రం భాషాపరమైన అల్పసంఖ్యాకుల రక్షణల గురించి విడుదల చేసిన మెమొరాండం కూడా దీన్ని అనుసరించింది. మన ప్రాబ్లమ్‌లో రాష్ట్ర పాఠశాలల మాన్యువల్ ఇదే ప్రమాణాన్ని స్వీకరించిందని ఉంది.

మన పాఠశాలలో 43 మంది ఉన్నారు. 40 దాటింది. ఒకటో తరగతిలో 12 మంది. 10 కూడా దాటింది. రెండింట్లో ఏ ఒక్కటి నెరవేరినా చాలు, ఇక్కడ రెండూ నెరవేరాయి. ఉత్తర్వు మాత్రం ప్రతి తరగతిలోనూ 10 మంది ఉండాలన్నట్టు చదివింది. అంటే ప్రభుత్వం తాను ఒప్పుకున్న ప్రమాణాన్నే, కారణం చెప్పకుండా, పూర్తిగా వేరేదానిగా మార్చేసింది. ఇక్కడ సమానత్వ హక్కు గురించిన ఆర్టికల్ 14 వస్తుంది. తాను ప్రకటించిన ప్రమాణం నుంచి కారణం లేకుండా పక్కకు జరగడం ఏకపక్ష చర్య. జూనియర్ల డ్రాఫ్ట్‌లో ఆర్టికల్ 14 ఎక్కడో ఏడో ఇష్యూగా, సమానత్వం గురించిన సాధారణ వాక్యాలతో ఉంది. కెప్టెన్ దాన్ని ఇక్కడికి తెచ్చి 350ఎ వాదనకు జోడించింది.

కానీ ఆ ప్రమాణాన్ని వాడేటప్పుడు జాగ్రత్త ఒకటుంది. 1949 తీర్మానం చట్టం కాదు. "1949 నిబంధనకు ప్రభుత్వం కట్టుబడి తీరాలి" అని రాస్తే బెంచ్ వెంటనే పట్టుకుంటుంది. తగిన సౌకర్యం అంటే ఏమిటో రాష్ట్రమే ఎలా అర్థం చేసుకుందో చూపే ఆధారంగా మాత్రమే దాన్ని వాడాలి. పైగా అది ఇచ్చేది ఒక టీచర్‌ను మాత్రమే. ప్రత్యేక పాఠశాలను కాదు, ప్రత్యేక భవనాన్ని కాదు. ప్రేయర్‌లో మూడో కోరిక ఉన్న ఒక్క తెలుగు టీచర్ దగ్గరే ఎందుకు ఆగిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆధారం ఎంత ఇస్తుందో కోరిక అంతవరకే వెళ్లింది.

ఇవన్నీ కలిపి తిరిగి రాసిన పేరా ఇలా వచ్చింది. శీర్షిక కూడా పూర్తి వాక్యమే: "43 మంది పిల్లలున్న తెలుగు విభాగాన్ని మొత్తం సంఖ్య చూడకుండా మూసివేయడం ఆర్టికల్ 350ఎ కోరే ప్రయత్నం కాదు." దాని కింద: "ఆర్టికల్ 350ఎ రాష్ట్రంపై మోపిన బాధ్యత ప్రయత్నించమనే. అది ప్రతి గ్రామంలో ప్రత్యేక విభాగానికి హామీ ఇవ్వదని పిటిషనర్లు అంగీకరిస్తున్నారు. అయితే తగిన సౌకర్యం అంటే ఏమిటో రాష్ట్రమే తన మాన్యువల్‌లో నిర్ణయించుకుంది: పాఠశాలలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది ఉంటే కనీసం ఒక టీచర్. ఈ విభాగంలో 43 మంది ఉన్నారు, ఒకటో తరగతిలో 12 మంది ఉన్నారు. ఉత్తర్వు మొదటి సంఖ్యను ప్రస్తావించనే లేదు. పరిగణించాల్సిన విషయాన్ని పరిగణించకుండా తీసుకున్న నిర్ణయం ప్రయత్నం అనిపించుకోదు." ఇందులో పెన్సిల్ గీతలు ఎన్ని పడతాయో చూడండి. దీనికి ఐదు తీర్పుల ఫుట్‌నోట్ అవసరం లేదు.

అయినా తీర్పులు కావాలి. మన పిటిషన్‌ను అసలు నిలబెట్టేవి, మనకు అడ్డొచ్చేవి రెండూ.

మొదట రెస్పాండెంట్ వేసే ఒక ప్రశ్న. "ఊళ్లో నాలుగింట మూడొంతుల మంది తెలుగువాళ్లే కదా, వాళ్లు అల్పసంఖ్యాకులు ఎలా అవుతారు?" సరిహద్దు ఊళ్లన్నిటికీ వర్తించే ప్రశ్న ఇది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం అల్పసంఖ్యాకులు ఎవరో తేల్చడానికి రాష్ట్రాన్నే ప్రమాణంగా తీసుకోవాలని చెప్పింది. ఊరో, జిల్లానో కాదు. ఆ కేసు అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు సంబంధించిన ఆర్టికల్ 30 గురించినది, 350ఎ గురించి కాదు. ఆ తేడా కూడా మెమోరియల్‌లో ఒక్క వాక్యంలో చెప్పాలి.

రెండోది 2014 నాటి రాజ్యాంగ ధర్మాసనం తీర్పు. కర్ణాటక ప్రభుత్వం, ఆ రాష్ట్రంలోని ఇంగ్లీషు మీడియం పాఠశాలల యాజమాన్యాల సంఘం మధ్య కేసు. జూనియర్ల డ్రాఫ్ట్‌లో దీన్ని "మాతృభాషలో చదువు హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది" అని రాశారు. ఆ తీర్పు చెప్పింది దాదాపు దానికి ఎదురు దిక్కు. కన్నడం లేదా మాతృభాషలోనే చదవాలని ప్రభుత్వం బలవంతం చేయవచ్చా అన్నది అక్కడి ప్రశ్న. చేయకూడదని ఐదుగురు న్యాయమూర్తులు తేల్చారు. అయితే అదే తీర్పులో మనకు పనికొచ్చే రెండు సంగతులున్నాయి. 350ఎ సందర్భంలో మాతృభాష అంటే ఆ రాష్ట్రంలోని భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గం భాష, అది ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులు. ఇది ధర్మాసనానికి నివేదించిన ప్రశ్నకు నేరుగా ఇచ్చిన జవాబు. ఊళ్లో తెలుగువాళ్లు ఎక్కువ కదా అన్న ప్రశ్నకు 350ఎ వైపు నుంచి కూడా ఇది జవాబవుతుంది. రెండోది, 350ఎ రాష్ట్రాలపై సౌకర్యాలు కల్పించే బాధ్యత ఉంచుతుందని ఆ తీర్పు పేర్కొంది. బలవంతం చేసే అధికారం మాత్రం ఇవ్వదని చెప్పింది.

ఈ రెండింటినీ ఒకే బరువుతో వాడకూడదని కెప్టెన్ గట్టిగా చెప్పింది. మొదటిది తీర్పులో తేల్చిన విషయం. రెండోది ఆ తేల్చడానికి దారిలో వచ్చిన మాట. ఆ బాధ్యతను ఎలా అమలు చేయించాలో అక్కడ ప్రశ్నే కాదు. కాబట్టి మెమోరియల్‌లో "సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఈ బాధ్యత అమలు చేయించదగినది" అని రాస్తే అది అబద్ధం. "350ఎ రాష్ట్రంపై బాధ్యత ఉంచుతుందని రాజ్యాంగ ధర్మాసనం గుర్తించింది, దాన్ని అమలు చేయించవచ్చా అన్నది ఈ కోర్టు ముందున్న ప్రశ్న" అని రాస్తే నిజం. రెండో వాక్యం చప్పగా అనిపించవచ్చు. కానీ ఆ తీర్పు పూర్తిగా చదివిన జడ్జి ముందు నిలబడేది అదే.

అడ్డొచ్చే తీర్పు 2004 నాటి ఉషా మెహతా కేసు. మహారాష్ట్రలో గుజరాతీ వంటి అల్పసంఖ్యాక భాషల పాఠశాలల్లో కూడా మరాఠీ తప్పనిసరిగా చదవాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. రాష్ట్ర భాష నేర్చుకోమనే అధికారం రాష్ట్రానికి ఉందని రెస్పాండెంట్ దీన్ని ముందు పెడతారు. జూనియర్ల డ్రాఫ్ట్‌లో దీని పేరే లేదు. మన మెమోరియల్ దీన్ని తనంతట తాను ఎత్తుకోవాలని కెప్టెన్ అంది. అక్కడ మరాఠీ అదనపు సబ్జెక్టుగా వచ్చింది. పిల్లల భాషలో జరుగుతున్న బోధన ఆగలేదు. ఇక్కడ రాష్ట్ర భాష తెలుగు పక్కన చేరడం లేదు, తెలుగు స్థానంలోకి వస్తోంది. రాష్ట్ర భాష నేర్చుకోవడానికి పిటిషనర్లకు అభ్యంతరం లేదని కూడా రాయించింది. సరిహద్దులో పెరిగిన పిల్లలకు ఆ మాట నిజాయితీగానే వచ్చింది. వాళ్లంతా ఒడియా చదివినవాళ్లే.

"అక్కా, మరి ఆర్టికల్ 30 ఎక్కడ పెట్టాలి?" అని ఒకమ్మాయి అడిగింది. ఎక్కడా వద్దని జవాబు. అల్పసంఖ్యాకులు తాము స్థాపించి నడుపుకునే సంస్థలకు సంబంధించింది ఆర్టికల్ 30. ఇది ప్రభుత్వ పాఠశాల. పెడితే రెస్పాండెంట్‌కు సులభంగా గెలిచే ఒక ఇష్యూ మనమే ఇచ్చినట్టు. ఆ అమ్మాయి డ్రాఫ్ట్‌లో ఆర్టికల్ 30 కింద 1967 నాటి అజీజ్ బాషా తీర్పు కూడా ఉంది, పాత మెమోరియల్ నుంచి వచ్చిందే. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం గురించిన ఆ తీర్పులోని కీలక దృక్పథాన్ని 2024 నవంబర్‌లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4:3 మెజారిటీతో కొట్టివేసింది. తీర్పు పేరు ఎక్కడి నుంచి తెచ్చుకున్నా, అది ఇంకా నిలబడి ఉందో లేదో ఆ రోజే చూసుకోవాలి. పాత మెమోరియల్‌ను నమూనాగా చూడొచ్చు, దాని ఫుట్‌నోట్లను మాత్రం తెచ్చుకోకూడదు.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 29లో, బోధన వీలైనంతవరకు మాతృభాషలో ఉండాలని ఒక మాట ఉంది. పాఠ్యప్రణాళిక రూపొందించే సంస్థను ఉద్దేశించిన మాట అది. మన వాదనకు తోడుగా ఒక్క వాక్యం సరిపోతుంది, దాన్ని ముందుపెట్టి నడిపితే వీలైనంతవరకు అన్న మాట మీదే బండి ఆగిపోతుంది.

స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ గురించి ఆమె చెప్పింది కొద్దిగానే. డ్రాఫ్ట్‌లో "దీంతో చాలామంది పిల్లలు బడి మానేశారు" అని ఉంది. ప్రాబ్లమ్‌లో ఆ సంగతి లేదు. మన ఊళ్లలో అలా జరగడం మనం చూసి ఉండొచ్చు, కానీ మెమోరియల్‌లో అది కల్పించిన ఫ్యాక్ట్ అవుతుంది, మార్కులు పోతాయి. దాన్ని కొట్టేసి, ప్రాబ్లమ్‌లో ఉన్న 2 కిలోమీటర్ల దూరం, ఐదు తరగతుల సంఖ్యలు వరసగా పెట్టమంది. వాదన అక్కడ చేయనక్కర్లేదు. ఏ సంఖ్య పక్కన ఏ సంఖ్య ఉందో చూస్తేనే బెంచ్‌కు ప్రశ్న పుడుతుంది. ఫాంట్, పేజీల పరిమితి, ఫుట్‌నోట్ శైలి రూల్స్ షీట్‌లో ఉన్నట్టు పాటించమని చెప్పి వదిలేసింది.

చివరిగా వచ్చింది రెస్పాండెంట్ మెమోరియల్. మూట్‌లో రెండు పక్షాలూ రాయాలి కాబట్టి జూనియర్లలో సగం మంది ప్రభుత్వం తరఫున రాస్తున్నారు. వాళ్ల డ్రాఫ్ట్ మొత్తం "350ఎ అమలు చేయించదగినది కాదు" అన్న ఒక్క వాదన మీద నిలబడి ఉంది. కెప్టెన్ అది సరిపోదంది. ఆ వాదన ఓడితే చేతిలో ఇంకేం మిగలదు. రెస్పాండెంట్ కూడా తన ప్రేయర్‌ను ముందు చూసుకోవాలి: పిటిషన్ కొట్టివేయాలి, లేదా కోర్టు జోక్యం చేసుకునేట్టయితే పునఃపరిశీలన వరకే పరిమితం చేయాలి. ఆ ప్రేయర్‌కు బలమైన దారి, బాధ్యత ఉందని ఒప్పుకుని అది నెరవేరిందని చూపించడం. ప్రాబ్లమ్‌లోని 9వ పేరాలో ఒక చిన్న వాక్యం ఉంది. పిల్లలను పంపబోయే పాఠశాలలో తెలుగు తెలిసిన టీచర్ ఒకరున్నారు. జూనియర్లెవరూ దాన్ని పట్టించుకోలేదు. రెస్పాండెంట్ వాదన మొత్తం దాని చుట్టూ కట్టాలి: ప్రమాణం కోరేది ఒక టీచర్‌ను, ఆ టీచర్ 2 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు, కాబట్టి తగిన సౌకర్యం కల్పించినట్టే.

అప్పుడు పిటిషనర్ వైపు కూర్చున్న జూనియర్ తలెత్తి, "ఆ టీచర్ తెలుగు తెలిసినవాళ్లే కానీ, అక్కడ పాఠం చెప్పేది రాష్ట్ర భాషలో కదా అక్కా? ప్రమాణం అడిగేది తెలుగులో బోధించే టీచర్‌ను" అంది. కెప్టెన్ ఆ వాక్యాన్ని అలాగే రాసుకోమంది. పిటిషనర్ మెమోరియల్‌లో 43 మంది పిల్లల పేరా తర్వాత అదే కొత్త పేరాకు శీర్షిక అయింది.